బీరువా ధర కుదిరింది, కాస్ట్ షీట్ కుదరలేదు

ప్రశ్న: మాది విజయవాడ ఆటోనగర్‌లో ఇనుప బీరువాలు చేసే చిన్న కార్ఖానా. ఆషాఢమని అమ్మకాలు తగ్గినా, శ్రావణం పెళ్లిళ్లకు పనికొస్తాయని పని ఆపకుండా పోయిన నెలలో 220 బీరువాలు తయారుచేశాం, 200 అమ్మాం. మా అకౌంటెంటు గారు వేసిన కాస్ట్ షీట్ ప్రకారం బీరువా 11,256 రూపాయలకు అమ్మితే, నాన్నగారు కోరినట్టు అమ్మకం ధరలో 20 శాతం మిగులుతుంది. ఇప్పుడు డీలర్లకు 11,000కు ఇస్తున్నాం కాబట్టి అది నమ్మదగ్గ ధరేనని నాన్నగారు అంటున్నారు. నాకు మాత్రం ముడిసరుకు ఖర్చు ఎక్కువ చూపించారేమో అనిపిస్తోంది. షీటునూ, దాని వెనుక ఉన్న బిల్లుల వివరాలనూ జతచేశాను. ప్రైమ్ కాస్ట్ నుంచి అమ్మకం ధర దాకా దీన్ని ఎలా సరిచూసుకోవాలి?
— ఒక పాఠకురాలు

సమాధానం: మీ అనుమానం నిజమే. చిత్రమేమిటంటే, మీరు పంపిన వివరాలతో షీటును మొదటినుంచి మళ్లీ వేస్తే వచ్చే అమ్మకం ధర 11,250 రూపాయలు, అంటే అకౌంటెంటు గారి ధరకూ దీనికీ తేడా ఆరు రూపాయలే. కానీ ఆ ధరకు చేరేలోపు షీటులో ముడిసరుకు తప్పింది, ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్లు తప్పాయి, ముగింపు నిల్వ తప్పింది, చివర లాభం కలిపిన తీరు కూడా తప్పింది. కొన్ని తప్పులు ఖర్చును పెంచాయి, కొన్ని తగ్గించాయి, మొత్తం మీద ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. అందువల్ల చివరి అంకె బాగుందని షీటును నమ్మకూడదు. ప్రతి మెట్టు దగ్గరా ఆగి, ఆ అంకె వెనుక ఎన్ని కిలోలు, ఎన్ని బీరువాలు ఉన్నాయో చూసుకుంటూ కిందికి దిగాలి.

ముందుగా ముడిసరుకు చూద్దాం. ప్రారంభ నిల్వ 1,80,000, కొనుగోళ్లు 14,16,000, ముగింపు నిల్వ 2,04,000 అని వేసి, వాడిన సరుకు 13,92,000 అని షీటులో తేల్చారు. కూడికలో, తీసివేతలో తప్పు లేదు. ఇది సరైనదా కాదా తేల్చుకోవడానికి రూపాయలను పక్కన పెట్టి కాటా దగ్గరికి వెళ్లాలి. మీ లెక్కల ప్రకారం నెలలో వాడకానికి తీసిన రేకు 18,000 కిలోలు. తయారైన బీరువా, తాళం, హ్యాండిల్, అద్దం వంటివి బిగించకముందు, సుమారు 70 కిలోలు తూగుతుందని రాశారు. ఆ లెక్కన 220 బీరువాల్లోకి వెళ్లింది 15,400 కిలోలు. తుక్కు కొన్నవారి కాటా చీటీ ప్రకారం అమ్మిన ముక్కలు 2,000 కిలోలు. సగం పనిలో ఉన్న బీరువాల్లో నెల మొదటితో పోలిస్తే నెలాఖరుకు 600 కిలోలు ఎక్కువ ఉన్నాయి. మూడూ కలిపితే సరిగ్గా 18,000 వచ్చాయి కాబట్టి, ఎక్కడా రేకు మాయం కాలేదనీ, కిలోల లెక్క నమ్మదగ్గదేననీ తేలింది.

ఇక ధర సంగతి. మీ బిల్లుల్లో రేకు ధర జీఎస్టీ కాకుండా కిలో 54 రూపాయలు ఉంది. కార్ఖానాకు తెచ్చుకున్న లారీ కిరాయి దాదాపు ఒక రూపాయి కలిపితే 55 అవుతుంది. 18,000 కిలోలకు 9,90,000. తాళం, హ్యాండిల్, మడతబందులు, అద్దం, ప్రైమర్ కలిపి బీరువాకు సుమారు 950 చొప్పున 220 బీరువాలకు 2,09,000. రెండూ కలిపితే 11,99,000. షీటులో ఉన్నది 13,92,000. ఈ 1,93,000 తేడా చిల్లర పొరపాటు కాదు, దానికి ప్రత్యేకమైన కారణం ఉండి తీరాలి.

కారణం కొనుగోళ్ల వరుసలోనే ఉంది. 12,00,000 రూపాయల సరుకుకు 18 శాతం జీఎస్టీ 2,16,000 కలిపి, బిల్లు అడుగున ఉన్న మొత్తాన్ని అలాగే ఎక్కించారు. మీరు నెలనెలా రిటర్ను వేసి ఈ పన్నును ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుంటున్నారు, అంటే అది మీ ఖర్చు కాదు, మీకు తిరిగి వచ్చే సొమ్ము. కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ జారీచేసిన సీఏఎస్-6 ప్రమాణం కూడా ఈ మాటే చెబుతుంది: తిరిగి వచ్చే పన్నులను ముడిసరుకు ఖర్చులో కలపకూడదు, సరుకును కార్ఖానాకు తెచ్చుకున్న కిరాయిని మాత్రం కలపాలి. కాంపొజిషన్ పథకంలో ఉన్నవారికి క్రెడిట్ రాదు కాబట్టి వాళ్లు జీఎస్టీని ఖర్చులో కలుపుకోవాల్సిందే. కానీ సరుకుల వ్యాపారంలో ఆ పథకానికి ఏడాది అమ్మకాల పరిమితి కోటిన్నర, మీ అమ్మకాలు నెలకే 22 లక్షలు, కనుక ఆ మినహాయింపు మీకు వర్తించదు.

ఇలాంటి పొరపాటును బిల్లులు తిరగేయకుండానే పట్టుకోవచ్చు. నిల్వల వరుసల్లో రేకును మీ వాళ్లు కిలో 55 చొప్పున లెక్కకట్టారు. కొనుగోళ్ల వరుసలోని రేకు మొత్తాన్ని కొన్న కిలోలతో భాగిస్తే అదే రేకు 63 రూపాయల పైచిలుకు పడుతోంది. ఒకే సరుకుకు ఒకే నెలలో రెండు ధరలు కనబడితే, మధ్యలో పన్ను దూరిందని అనుమానించాలి.

లారీ కిరాయి 24,000 ఎక్కడికి పోయిందో వెతికితే అమ్మకపు ఖర్చుల్లో, "రవాణా" అనే ఖాతాలో దొరికింది. డీలర్లకు బీరువాలు చేరవేసిన కిరాయి, కార్ఖానాకు రేకు తెచ్చిన కిరాయి రెండూ ఒకే ఖాతాలో పడ్డాయి. మొదటిది అమ్మకం ఖర్చు, రెండోది ముడిసరుకు ఖర్చు. లెడ్జరులో రెండింటికీ వేరు ఖాతాలు తెరవమని చెప్పండి. సరిచేశాక వాడిన ముడిసరుకు 1,80,000కు 12,00,000, 24,000 కలిపి, 2,04,000 తీసేస్తే 12,00,000. పైన కిలోల ద్వారా వచ్చిన 11,99,000కు ఇది దాదాపు సమానం. ఈ మాత్రం తేడా ఉంటే కంగారు పడాల్సింది లేదు.

దీనికి ప్రత్యక్ష వేతనాలు 3,00,000, బయట రంగు వేయించిన జాబ్‌వర్కు 1,00,000 కలిపితే ప్రైమ్ కాస్ట్ 16,00,000 అవుతుంది. రంగు జాబ్‌వర్కును కొందరు ఓవర్‌హెడ్లలో వేస్తారు. ఏ బీరువాకు ఎంత పడిందో చెప్పగలిగే ఖర్చు కాబట్టి అది ప్రైమ్ కాస్ట్‌లో ఉండడమే సరి, మీ అకౌంటెంటు గారు ఇక్కడ సరిగ్గానే వేశారు. వేతనాల్లో కటింగు, వెల్డింగు, బిగింపు చేసేవారివి మాత్రమే ఉన్నాయా అని ఒకసారి హాజరు పట్టీతో పోల్చుకోండి. వాచ్‌మన్ జీతం అక్కడ ఉండకూడదు.

ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్ల దగ్గర రెండు తప్పులు ఉన్నాయి, రెండూ ఎదురెదురు దిశల్లో పనిచేశాయి. షెడ్డు అద్దె 60,000, కరెంటు 70,000, సూపర్‌వైజరు జీతం 45,000, వెల్డింగు గ్యాసు, గ్రైండింగ్ చక్రాలు వంటి వాడుక సామాను 35,000, మొత్తం 2,10,000 అని వేశారు. యంత్రాల తరుగుదల ఇందులో లేదు. తరుగుదల ఏడాది చివర ఆడిటరు వేస్తారు కదా అనుకుని నెలవారీ షీటులో వదిలేయడం చిన్న కార్ఖానాల్లో మామూలే. కానీ మీ షియరింగు, బెండింగు, స్పాట్ వెల్డింగు యంత్రాల విలువ 48 లక్షలు, పదేళ్లు పనిచేస్తాయని మీరే రాశారు. ఆ లెక్కన నెలకు 40,000 ప్రతి నెలా అరిగిపోతోంది. ఆ ఖర్చు బీరువాల మీద పడకపోతే, యంత్రం మార్చాల్సిన రోజున దానికి డబ్బు ఏ ధరలోనూ వసూలై ఉండదు.

రెండో తప్పు తుక్కు. 2,000 కిలోలు కిలో 25 చొప్పున అమ్మగా వచ్చిన 50,000ను "ఇతర ఆదాయం" అని లాభనష్టాల ఖాతాలో వేసి, కాస్ట్ షీటులో చూపించలేదు. రేకు కోసినప్పుడు ముక్కలు పడడం పనిలో భాగమే, ఆ ముక్కలతో సహా 18,000 కిలోల ఖర్చునూ బీరువాల మీద వేశాం. అటువంటప్పుడు వాటిని అమ్మగా వచ్చిన సొమ్మును కూడా బీరువాల ఖర్చులోంచి తగ్గించాలి. ఓవర్‌హెడ్లలోంచి తగ్గిస్తారా, ముడిసరుకులోంచి తగ్గిస్తారా అన్నది మీ ఇష్టం, కానీ ప్రతి నెలా ఒకే చోట తగ్గించాలి. నేను ఓవర్‌హెడ్లలోంచి తగ్గించాను: 2,10,000కు తరుగుదల 40,000 కలిపి, తుక్కు 50,000 తీసేస్తే 2,00,000. అకౌంటెంటు గారి 2,10,000కూ దీనికీ మధ్య తేడా పదివేలే కనబడుతుంది గాని, లోపల తొంభై వేల రూపాయల మేర తప్పులు దాగి ఉన్నాయి. తుక్కు సొమ్ములో కూడా జీఎస్టీ కలపని మొత్తమే తీసుకోవాలి.

కరెంటు గురించి ఒక మాట. ఈ నెల చేతికి వచ్చిన బిల్లు సాధారణంగా పోయిన నెల వాడకానిది. ఆషాఢంలో పని తగ్గించి శ్రావణంలో పెంచే కార్ఖానాలో ఇది ఒక నెల ఖర్చును మరో నెల బీరువాల మీద వేస్తుంది. మీ విషయంలో పని ఒకే తీరుగా నడిచింది కాబట్టి 70,000ను అలాగే ఉంచాను. మున్ముందు నెల మొదటి రోజునా చివరి రోజునా మీటరు రీడింగు రాసుకుంటే బిల్లు కోసం ఎదురుచూడక్కర్లేదు.

ప్రైమ్ కాస్ట్‌కు ఈ 2,00,000 కలిపితే 18,00,000. సగం పనిలో ఉన్న సరుకు నెల మొదట 90,000, చివర 1,30,000. మొదటిది కలిపి రెండోది తీసేస్తే ఫ్యాక్టరీ కాస్ట్ 17,60,000. నిల్వలు రెండూ తారుమారుగా కలిపేవారు, తీసేసేవారు చాలామంది ఉంటారు, మీ షీటులో ఆ పొరపాటు లేదు. విలువలు కూడా నమ్మదగ్గవే: పెరిగిన 600 కిలోలకు కిలో 55 చొప్పున 33,000, మిగిలిన 7,000 వాటి మీద అప్పటిదాకా పడిన కూలి. ఈ 17,60,000ను తయారైన 220తో భాగిస్తే బీరువా తయారీ ఖర్చు 8,000 రూపాయలు. అమ్మినవి 200 కదా అని ఇక్కడ 200తో భాగించకూడదు, అమ్మకాల సంఖ్య అక్కరకు వచ్చేది ఇంకా రెండు మెట్లు దిగాకే.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వచ్చాం. నెల మొదట తయారై ఉన్న బీరువాలు 30, ఒక్కొక్కటి 7,800 చొప్పున 2,34,000. ఈ 30కి 220 కలిపి, అమ్మిన 200 తీసేస్తే ఆఖరుకు 50 మిగలాలి, మీ గోదాములో లెక్కపెట్టినప్పుడూ 50 ఉన్నాయి. సంఖ్య సరే. విలువ మాత్రం డీలరు ధర 11,000 చొప్పున 5,50,000 అని కట్టారు. అమ్ముడుపోని బీరువాను అమ్మకం ధరకు లెక్కకట్టడమంటే, ఇంకా రాని లాభాన్ని వచ్చినట్టు రాసుకోవడం. నిల్వను ఖర్చుకు గాని, అమ్మితే చేతికి వచ్చే నికర ధరకు గాని, రెండింటిలో ఏది తక్కువైతే దానికే కట్టాలని అకౌంటింగ్ ప్రమాణం ఏఎస్-2 చెబుతుంది. మీకు తక్కువైనది ఖర్చే. పాతవి ముందు అమ్ముడయ్యాయన్న పద్ధతిలో, మిగిలిన 50 ఈ నెలలో చేసినవే కాబట్టి 8,000 చొప్పున 4,00,000.

ముగింపు నిల్వను ఎక్కువ చూపితే అమ్మిన సరుకు ఖర్చు తగ్గుతుంది. మొదట్లో జీఎస్టీ వల్ల పెరిగిన ఖర్చులో పెద్ద భాగాన్ని మింగేసింది ఈ తప్పే. దీన్ని కనిపెట్టడం తేలిక. షీటులోనే ఉన్న తయారీ ఖర్చును 220తో భాగిస్తే 8,918 వస్తుంది, అదే షీటులో నిల్వ ధర 11,000 ఉంది. తయారీ ఖర్చుకు మించిన ధర నిల్వ వరుసలో కనబడితే ఇక ముందుకు పోనక్కర్లేదు, అక్కడే ఆగి సరిచేయాలి.

సరిచేశాక అమ్మిన సరుకు ఖర్చు: 2,34,000కు 17,60,000 కలిపి, 4,00,000 తీసేస్తే 15,94,000. దీన్ని బీరువాల వైపు నుంచి కూడా కట్టి చూడండి. పాతవి 30, ఒక్కొక్కటి 7,800 చొప్పున 2,34,000. కొత్తవి 170, ఒక్కొక్కటి 8,000 చొప్పున 13,60,000. మొత్తం 15,94,000. రెండు దారుల్లోనూ ఒకే అంకె రావాలి. అకౌంటెంటు గారి షీటును ఇలాగే చూస్తే, పాతవి 30, వారి లెక్క ప్రకారం 8,918 పడిన కొత్తవి 170 కలిపి సుమారు 17,50,000 రావాలి, కానీ షీటులో 16,46,000 ఉంది. ఆ లక్షా నాలుగు వేల తేడా 50 బీరువాల మీద ముందే రాసేసుకున్న లాభం.

దీని తర్వాత ఆఫీసు ఖర్చులు 86,000, అమ్మకపు ఖర్చులు లారీ కిరాయి తీసేయగా 1,20,000 కలిపితే మొత్తం అమ్మకాల ఖర్చు 18,00,000. ఇప్పుడు 200తో భాగించాలి, బీరువాకు 9,000. ఆఫీసు ఖర్చులను తయారీ ఖర్చులో కలపకుండా ఇక్కడ ఉంచడం వల్ల అవి గోదాములోని 50 బీరువాల్లోకి పోవు. బ్యాంకు వడ్డీని షీటులో వేయనందుకు అకౌంటెంటు గారిని తప్పుపట్టనక్కర్లేదు, అది తయారీ ఖర్చు కాదు, మిగిలిన లాభంలోంచి కట్టేది.

రెండు షీట్లనూ పక్కపక్కన పెట్టి చూడండి.

| వరుస | మీరు పంపినది | సరిచేసినది |
|---|---|---|
| ప్రైమ్ కాస్ట్ | 17,92,000 | 16,00,000 |
| ఫ్యాక్టరీ ఓవర్‌హెడ్లు | 2,10,000 | 2,00,000 |
| ఫ్యాక్టరీ కాస్ట్ (220 బీరువాలు) | 19,62,000 | 17,60,000 |
| ముగింపు నిల్వ (50 బీరువాలు) | 5,50,000 | 4,00,000 |
| అమ్మిన సరుకు ఖర్చు | 16,46,000 | 15,94,000 |
| మొత్తం అమ్మకాల ఖర్చు | 18,76,000 | 18,00,000 |
| ఒక్కో బీరువాకు ఖర్చు | 9,380 | 9,000 |
| అమ్మకం ధర | 11,256 | 11,250 |

బీరువాకు 380 రూపాయల ఖర్చు ఎక్కువ చూపించాక కూడా ధర ఒక్కటే అవడానికి కారణం లాభం కలిపిన తీరు. నాన్నగారు అడిగింది అమ్మకం ధరలో 20 శాతం. షీటులో ఖర్చు మీద 20 శాతం కలిపారు. అమ్మకం ధర వంద అయితే లాభం ఇరవై, ఖర్చు ఎనభై. ఎనభై మీద ఇరవై అంటే ఖర్చులో 25 శాతం. కనుక ఖర్చును 0.80తో భాగించాలి, 9,000 అలా 11,250 అవుతుంది. ఖర్చు సరిగ్గా 9,000 వేసి, లాభం మాత్రం పాత పద్ధతిలోనే కలిపితే 10,800 వచ్చేది, అందులో మిగిలేది అమ్మకం ధరలో 16.67 శాతమే. ఇప్పటి 11,000 ధరలో మీకు మిగులుతున్నది 2,000, అంటే 18 శాతం పైచిలుకు.

ధర ఎలాగూ కలిసింది కదా అని నాన్నగారు అంటే, శ్రావణం లెక్క వేసి చూపించండి. అప్పుడు మళ్లీ 220 బీరువాలు తయారై, గోదాములోని 50తో సహా 270 అమ్ముడుపోయాయనీ, మిగతా ఖర్చులన్నీ ఇలాగే ఉన్నాయనీ అనుకుందాం. పాత పద్ధతిలో ఇప్పటి ముగింపు నిల్వ 5,50,000 ఆ నెల ప్రారంభ నిల్వగా ఖర్చులోకి దిగుతుంది, తగ్గించడానికి ఆఖరున నిల్వ ఏమీ ఉండదు. మొత్తం 27,42,000, బీరువాకు 10,156, దాని మీద 20 శాతం కలిపితే 12,187. సరైన పద్ధతిలో 4,00,000, 17,60,000, ఆఫీసు, అమ్మకపు ఖర్చులు 2,06,000 కలిపి 23,66,000, బీరువాకు 8,763, ధర 10,954. పెళ్లిళ్ల గిరాకీ వచ్చిన నెలలోనే పాత షీటు ధరను 1,233 రూపాయలు ఎక్కువ చూపిస్తుంది. ఆషాఢంలో నిల్వ పెరగడం వల్ల దాగిన తప్పు, నిల్వ ఖాళీ కాగానే బయటపడుతుంది.

ఈ లెక్కకు ఒక హద్దు ఉంది. అద్దె, సూపర్‌వైజరు జీతం, తరుగుదల కలిపి 1,45,000 మీరు ఎన్ని బీరువాలు చేసినా మారవు. 220 మీద పంచితే బీరువాకు 659 పడుతుంది, గిరాకీ లేని నెలలో 110 మాత్రమే చేస్తే 1,318 అవుతుంది. ఆ పెరిగిన భాగం బీరువాది కాదు, ఖాళీగా ఉన్న కార్ఖానాది. అలాంటి నెలలో స్థిర ఖర్చులను మామూలుగా చేసే సంఖ్యతోనే భాగించి, పంచగా మిగిలినదాన్ని ఆ నెల నష్టంగా విడిగా రాసుకోవాలని ఏఎస్-2 పద్ధతి. లేకపోతే గిరాకీ లేని నెలలోనే ధర పెంచమని షీటు సలహా ఇస్తుంది.

డీలరు బిల్లులో 11,250 మీద 18 శాతం జీఎస్టీ విడిగా కలిపి 13,275 వేయాలి. 11,250లోనే పన్ను ఉందని ఎవరితోనైనా బేరం కుదుర్చుకుంటే మీకు చేరేది 9,534 మాత్రమే, అందులో 9,000 ఖర్చు పోతే మిగిలేది 534. అకౌంటెంటు గారితో మాట్లాడేటప్పుడు మొదట చేయించాల్సిన సవరణ ఏదంటే, ఈ నెల పుస్తకాల్లో బీరువాల ప్రారంభ నిల్వను 5,50,000 నుంచి 4,00,000కు మార్చడం. అది మారకపోతే, మిగతావన్నీ సరిచేసినా ఈ నెల షీటులో 1,50,000 రూపాయల తప్పు మొదటి వరుసలోనే మిగిలిపోతుంది.